వ్యూస్ రెట్టింపైనా మళ్లీ వచ్చేవారు పెరగకపోతే: ఛానల్ అంకెల్లో కారణాన్ని వెతికే పద్ధతి

యూట్యూబ్ స్టూడియోలో మూడు అంకెలను చాలామంది ఒకే విషయానికి మూడు పేర్లన్నట్టు చదువుతారు. Views అనే అంకె వీడియోలను ఎన్నిసార్లు చూశారో చెబుతుంది. Unique viewers అనేది ఆ గడువులో సుమారు ఎంతమంది మనుషులు చూశారో చెప్పే అంచనా. Returning viewers అంటే ఆ ఛానల్‌లో ఇంతకుముందే ఏదైనా చూసి, ఎంచుకున్న గడువులో తిరిగి వచ్చినవారు. మొదటిది సార్లను లెక్కిస్తుంది, తరువాతి రెండూ మనుషులను లెక్కిస్తాయి. ఈ తేడా గుర్తుంటే కింది సమస్యల్లో ప్రతిదాని కారణాన్నీ వెతికి పట్టుకోవచ్చు.

సమస్య: వ్యూస్ ఒక్కసారిగా పెరిగాయి, కానీ మళ్లీ వచ్చేవారి సంఖ్య ఉన్నచోటే ఉంది

మిద్దెతోటల గురించి వీడియోలు చేసే ఒక ఛానల్‌ను తీసుకుందాం. లెక్క సులువుగా సాగడానికి అంకెలను గుండ్రంగా పెట్టుకుంటున్నాను. మొదటి 28 రోజుల్లో ఈ ఛానల్‌కు 42,000 వ్యూస్, 14,000 మంది యూనిక్ వ్యూయర్లు, 5,000 మంది రిటర్నింగ్ వ్యూయర్లు ఉన్నారు. తరువాతి 28 రోజుల్లో వ్యూస్ 84,000కు, యూనిక్ వ్యూయర్లు 52,000కు చేరారు. రిటర్నింగ్ వ్యూయర్లు మాత్రం 5,400 దగ్గరే ఆగారు. వ్యూస్ ఒక్కటే చూసేవారికి ఛానల్ రెట్టింపు పెరిగినట్టే అనిపిస్తుంది. తరువాతి నెలలో ఆ అంకె మళ్లీ కిందికి వచ్చినప్పుడు, ఏ తప్పూ జరగకపోయినా, ఏదో చెడిపోయిందన్న ఆందోళన మొదలవుతుంది.

ముందుగా వ్యూస్‌ను యూనిక్ వ్యూయర్లతో భాగించాలి. స్టూడియోలో Average views per viewer అనే పేరుతో కనిపించేది ఇదే. మొదటి గడువులో అది 3.0, అంటే ఒక్కో మనిషి సగటున మూడుసార్లు చూశాడు. రెండో గడువులో అది 1.6కు పడిపోయింది. సగటు ఇంత దిగిందంటే దానికి రెండు అర్థాలు ఉండవచ్చు. పాత ప్రేక్షకులు తక్కువగా చూడడం మొదలుపెట్టి ఉండవచ్చు, లేదా ఒక్కసారి చూసి వెళ్లిపోయే కొత్త జనం పెద్ద సంఖ్యలో వచ్చి చేరడంతో సగటు పలచబడి ఉండవచ్చు. మొదటిది నిజంగా జబ్బు, రెండోది కాదు. ఈ రెండింటినీ విడదీయకుండా ఏ మార్పు చేసినా అది గుడ్డిగా చేసినట్టే అవుతుంది.

విడదీయడానికి Analytics‌లోని Content ట్యాబ్‌లో వీడియోలను, షార్ట్స్‌ను వేర్వేరుగా చూడాలి. మన ఉదాహరణలో మొదటి గడువులో వీడియోలకు 40,000, షార్ట్స్‌కు 2,000 వ్యూస్ వచ్చాయి. రెండో గడువులో వీడియోలకు 38,000, షార్ట్స్‌కు 46,000 వచ్చాయి. పెరుగుదల మొత్తం షార్ట్స్‌దే. షార్ట్స్‌లోనూ అది ఒకే ఒక్క షార్ట్ వల్ల వచ్చింది: జామకాయను కొరుకుతున్న ఉడుత కనిపించే పద్దెనిమిది సెకన్ల ముక్క. వీడియోలు చూసినవారు మొదట 13,400 మంది ఉంటే, తరువాత 13,200 మంది ఉన్నారు. ఒక్కొక్కరు చూసిన సగటు కూడా 3.0 నుంచి 2.9కు మాత్రమే మారింది. అంటే పాత ఇల్లు కదలకుండా నిలిచే ఉంది, దాని ముందునుంచి ఒక జాతర సాగిపోయింది.

ఇంకొక అడుగు లోపలికి వెళ్లవచ్చు. Content ట్యాబ్‌లోనే ఏ రకం కంటెంట్‌ను ఎవరు చూస్తున్నారో, వారిలో ఎంతమంది రెండు రకాలనూ చూస్తున్నారో చూపే Viewers across formats అనే భాగం ఉంది. అందులో దొరికే విషయాన్ని మన అంకెలతో ఇలా సరిచూసుకోవచ్చు. వీడియోలు చూసినవారు 13,200, షార్ట్స్ చూసినవారు 40,500, కలిపితే 53,700. కానీ ఛానల్ మొత్తం మీద ఉన్నది 52,000 మందే. మిగిలిన 1,700 మంది రెండు వైపులా లెక్కకు వచ్చినవారు, అంటే షార్ట్స్, వీడియోలు రెండూ చూసినవారు. ఇవన్నీ అంచనాలు కాబట్టి చివరి అంకె వరకూ నమ్మనక్కరలేదు. అయినా 40,500 మందిలో వీడియోల దాకా వచ్చినవారు చాలా కొద్దిమందే అన్న సంగతి మాత్రం స్పష్టంగా తేలుతుంది. ఉడుతను చూడడానికి వచ్చినవారికి వంగ మొక్కకు పట్టిన పిండినల్లిని ఎలా వదిలించాలో అక్కరలేదు.

పరిష్కారం రెండు భాగాలుగా ఉంటుంది. మొదటిది చదివే పద్ధతికి సంబంధించినది. ఈ ఛానల్ తన ఆరోగ్యాన్ని ఇకనుంచి మొత్తం వ్యూస్‌తో కాక, వీడియోల వరకే తీసిన యూనిక్ వ్యూయర్లు, సగటు, రిటర్నింగ్ వ్యూయర్లతో కొలుచుకోవాలి. రెండోది చేసే పనికి సంబంధించినది. షార్ట్ అనేది పూర్తి వీడియోలో ఉన్న పాఠంలోని ఒక ముక్క కావాలి. ఉదాహరణకు, ఆకు వెనక ఉన్న పిండినల్లిని దగ్గరగా చూపి, వేపనూనె ఎలా కలపాలో పూర్తి వీడియోలో చూపవచ్చు. ఆ షార్ట్ వివరాల పేజీలో Related video దగ్గర పూర్తి వీడియోను జత చేయాలి. 2023 ఆగస్టు 31 నుంచి షార్ట్స్ వివరణలోనూ కామెంట్లలోనూ పెట్టే లింకులు నొక్కినా తెరుచుకోవు కాబట్టి, అక్కడ లింకు రాసి వదిలేస్తే ప్రేక్షకుడికి దారి ఉండదు. ఇలా చేసిన తరువాత షార్ట్స్ చూసేవారు 40,500 నుంచి 15,000కు తగ్గినా, రెండూ చూసేవారు 1,700 నుంచి పైకి వెళ్తే మార్పు పనిచేసినట్టే లెక్క.

ఇదే లక్షణం షార్ట్స్ లేని ఛానల్లోనూ కనిపించవచ్చు. అప్పుడు ట్రాఫిక్ సోర్సుల జాబితాలో YouTube advertising కోసం వెతకాలి. డబ్బు కట్టి వీడియోను ప్రచారం చేసిన రోజుల్లో వ్యూస్, యూనిక్ వ్యూయర్లు దాదాపు సమానంగా పెరుగుతాయి, ప్రచారం ఆగగానే రెండూ దిగుతాయి. ప్రకటన ద్వారా వచ్చినవారిలో ఎంతమంది నిలిచారో ఆ తరువాతి 28 రోజుల రిటర్నింగ్ వ్యూయర్లే చెబుతారు.

సమస్య: పోయిన ఏడాదితో పోలిస్తే షార్ట్స్ వ్యూస్ పెరిగాయి, ఇంకేదీ పెరగలేదు

పోలుస్తున్న రెండు గడువుల మధ్య 2025 మార్చి 31 ఉందేమో చూడండి. ఆ రోజు నుంచి షార్ట్ మొదలైనా, మళ్లీ మొదటినుంచి ఆడినా, ఇంతసేపు చూడాలన్న నియమం లేకుండా ఒక వ్యూగా లెక్కిస్తున్నారు. కొలబద్దే మారింది కాబట్టి ఆ తేదీకి అటూ ఇటూ ఉన్న వ్యూస్‌ను పక్కపక్కన పెట్టకూడదు. పాత పద్ధతి లెక్క ఇప్పుడు Engaged views అనే పేరుతో Advanced mode‌లో దొరుకుతుంది. ఏళ్ల మధ్య పోలికకు దాన్నే వాడాలి.

సమస్య: వారం వారం తీసిన యూనిక్ వ్యూయర్లను కలిపితే నెల అంకెకు సరిపోవడం లేదు

ఇది లోపం కాదు, కూడికలో జరిగే పొరపాటు. మన మిద్దెతోట ఛానల్‌లో మొదటి 28 రోజులను నాలుగు వారాలుగా విడదీస్తే 4,900, 4,600, 5,000, 4,700 వచ్చాయనుకుందాం. మొత్తం 19,200 అవుతుంది, కానీ స్టూడియో 14,000 మందేనని చూపుతుంది. నాలుగు వారాలూ వచ్చిన మనిషి వారాల కూడికలో నాలుగుసార్లు వస్తాడు, 28 రోజుల లెక్కలో ఒక్కసారే వస్తాడు. వ్యూస్‌ను ఎంతైనా కూడుకోవచ్చు గానీ మనుషులను అలా కూడకూడదు. ఏ గడువు కావాలంటే ఆ గడువును తేదీల దగ్గర ఎంచుకుని, అంకెను స్టూడియో నుంచే నేరుగా తీసుకోవాలి.

అయితే ఈ తేడాలో ఒక సమాచారం దాగి ఉంది, దాన్ని వదులుకోవడం నాకు ఇష్టం ఉండదు. 19,200ను 14,000తో భాగిస్తే దాదాపు 1.4 వస్తుంది. అంటే సగటు ప్రేక్షకుడు నాలుగు వారాల్లో 1.4 వారాల్లో కనిపిస్తున్నాడన్నమాట. వారానికొక వీడియో పెట్టే ఛానల్‌లో ఈ అంకె 1కి దగ్గరగా ఉంటే ప్రతి వీడియోకూ వేరే జనం వస్తున్నారని అర్థం. అది 2 దాటితే వారం తిరిగేసరికి ఎదురుచూసేవారు ఉన్నారని అర్థం. సగటు వ్యూస్ ఈ సంగతి చెప్పలేవు, ఎందుకంటే ఒకే మధ్యాహ్నం వరసగా మూడు వీడియోలు చూసి మళ్లీ రానివాడికీ అక్కడ 3 అనే పడుతుంది.

సమస్య: వ్యూస్ బాగా ఉన్నాయి, యూనిక్ వ్యూయర్లు చాలా తక్కువ

సగటు 6 లేదా 8 దాకా వెళ్లినప్పుడు ఎవరో దొంగ వ్యూస్ పంపుతున్నారని భయపడేవారు ఉన్నారు. ముందు కంటెంట్ స్వభావం చూడాలి. రోజూ పొద్దున్నే పెట్టుకునే విష్ణు సహస్రనామం, పిల్లవాడు నిద్రపోయేదాకా తిరిగి తిరిగి ఆడే జోలపాట, ఇలాంటివాటికి ఎక్కువ సగటు సహజం. ఒకే టీవీ ముందు ఇంటిల్లిపాదీ కూర్చునే ఇళ్లు కూడా ఉన్నాయి. ఒకే మనిషి వేర్వేరు పరికరాల్లో చూడడాన్ని, ఒకే పరికరాన్ని పలువురు పంచుకోవడాన్ని యూట్యూబ్ తన అంచనాలో పరిగణిస్తుంది. అయినా సోఫాలో కూర్చున్న నలుగురిని అది లెక్కపెట్టలేదు. ఇలాంటి ఛానల్‌కు యూనిక్ వ్యూయర్లను ఇళ్ల సంఖ్యగా చదువుకోవడమే నిజానికి దగ్గరగా ఉంటుంది. సరిదిద్దాల్సింది ఇక్కడ ఏమీ లేదు.

సమస్య: యూనిక్ వ్యూయర్లు నిలకడగా ఉన్నారు, రిటర్నింగ్ వ్యూయర్లు తగ్గుతున్నారు

నా దృష్టిలో అన్నింటికంటే శ్రద్ధగా చూడవలసిన లక్షణం ఇదే. ఎంతమంది వెళ్లిపోతున్నారో అంతమంది కొత్తవారు వస్తూ ఉండడంతో మొత్తం అంకె నష్టాన్ని కప్పేస్తుంది.

మొదట గడువు సరిచూడాలి. రెండు గడువుల పొడవు ఒకటేనా, చివరి రెండు మూడు రోజుల లెక్క పూర్తిగా వచ్చిందా అని చూడాలి. తరువాత ఆ రెండు గడువుల్లో ఎన్ని వీడియోలు పెట్టారో లెక్కించాలి. ఒక నెలలో నాలుగు పెట్టి, మరో నెలలో ఒక్కటే పెడితే, తిరిగి రావడానికి మూడు సందర్భాలు తగ్గినట్టే. అప్పుడు ప్రేక్షకులు వదిలిపోయారనుకోవడం తొందరపాటు.

ఆ రెండూ సరిగ్గా ఉండి కూడా తగ్గుదల మూడు గడువుల పాటు కొనసాగితే, కారణం విషయం మారడంలో ఉండే అవకాశం ఎక్కువ. కొత్తవారు సెర్చ్ ద్వారా ఒక పాత వీడియోకు వస్తున్నారేమో, ఇప్పుడు పెడుతున్న వీడియోలు దానికి సంబంధం లేనివేమో చూడాలి. మిద్దెతోట ఛానల్‌లో అందరూ కుండీ మట్టి కలిపే పాత వీడియోకు వస్తుంటే, కొత్త వీడియోలన్నీ నర్సరీల సందర్శన మీద ఉంటే, వచ్చినవారికి రెండో మెట్టు దొరకదు. కుండీ మట్టి తరువాత ఆ మనిషికి వచ్చే ప్రశ్న విత్తనం గురించి ఉంటుంది. ఆ వీడియో చేసి, పాత వీడియో ఎండ్ స్క్రీన్‌లో దాన్ని పెట్టాలి.

ఈ అంకెకు ఒక పరిమితి ఉంది. చూసిన చరిత్రను చెరిపేసినవారు, ప్రైవేట్ విండోలో చూసేవారు, ఏడాదికి పైగా ఈ ఛానల్‌ను చూడనివారు తిరిగి వచ్చినా కొత్తవారిగానే లెక్కలోకి వస్తారు. అలాగే రిటర్నింగ్ వ్యూయర్ అంటే సబ్‌స్క్రైబర్ అని అర్థం కాదు. బటన్ నొక్కకుండానే ప్రతి వారం వచ్చేవారు ఉంటారు, నొక్కి మళ్లీ రానివారూ ఉంటారు.

సమస్య: Audience ట్యాబ్‌లో Returning viewers కనిపించడం లేదు

దాని స్థానంలో New, Casual, Regular అనే మూడు వర్గాలు కనిపిస్తుంటే ఏదీ పోలేదు, పాత వర్గాన్ని రెండుగా చీల్చారు. గత పన్నెండు నెలల్లో ఒకటి నుంచి ఐదు నెలల్లో చూసినవారు Casual, ఆరు లేదా అంతకంటే ఎక్కువ నెలల్లో చూసినవారు Regular. పాత రిటర్నింగ్ అంకెను కొత్త Regular అంకెతో పోల్చితే ఛానల్ కూలిపోయినట్టు కనిపిస్తుంది, ఎందుకంటే ఆరు నెలల నియమం చాలా కఠినమైనది. ఛానల్ వయసు ఆరు నెలలు నిండనప్పుడు Regular దాదాపు ఖాళీగానే ఉంటుంది. అలాంటి ఛానల్ Casual అంకెను మాత్రమే, అదీ 28 రోజులకొకసారి రాసిపెట్టుకుని చూసుకోవాలి.