ఉగాది ఫోటోలో జుట్టు రంగు మార్చే ముందు

చెన్నైలో మనవాళ్లు చాలామంది పండగ ఫోటోలో నల్ల జుట్టును బ్రౌన్‌గా మార్చి చూసుకుంటారు. లేయర్లున్న ఏ ఎడిటింగ్ యాప్‌లోనైనా ముందు ఇవి చూసుకోండి.

అసలు ఫోటో మీద నేరుగా రంగు వేయకండి. JPG గా సేవ్ చేస్తే రంగు ఫోటోలో కలిసిపోతుంది, మళ్లీ విడదీయలేం. పైన కొత్త లేయర్ తెరిచి అందులోనే వేయండి.

లేయర్‌కు Color మోడ్ పెట్టకండి. అది రంగునే మారుస్తుంది, వెలుతురును కింది ఫోటో నుంచే తీసుకుంటుంది. అందుకే నల్ల జుట్టు నల్లగానే ఉండిపోతుంది, కొత్తవాళ్లేమో యాప్ పనిచేయట్లేదనుకుంటారు. Screen పెట్టండి.

Screen లో ముదురు రంగే ఎంచుకోండి. బాగా నల్లగా ఉన్నచోట మీరు వేసిన రంగే దాదాపు అలాగే కనిపిస్తుంది. #4A2818 వేస్తే సహజమైన బ్రౌన్ వస్తుంది. లేత గోధుమరంగు వేస్తే నీడలు పోయి, జుట్టు అట్టముక్కలా చదునుగా కనిపిస్తుంది. అప్పుడు Opacity ని 60% దాకా తగ్గించి చూడండి.

అంచులకు మెత్తని బ్రష్ వాడండి. గట్టి బ్రష్‌తో నుదుటి దగ్గర గీత పడుతుంది.

జడలో మల్లెపూలుంటే పెద్దది చేసి చూడండి. రేకుల నీడల్లో గోధుమ ఛాయ కనిపిస్తే అక్కడ ఎరేజర్‌తో తుడవండి. చెవులు, పాపిడి దగ్గర కూడా అంతే.