టైట్రేషన్ లెక్కలు – నాలుగో పాఠం: ల్యాబ్ షీటు ఫొటో నుంచి తెలియని గాఢత

గత పాఠం వరకు దత్తాంశాలన్నీ శుభ్రంగా అచ్చులో ఇచ్చిన లెక్కలే చేశాం. ఈసారి ప్రయోగశాలలో చేత్తో నింపిన షీటుకు తీసిన ఒక ఫొటోను తీసుకుందాం. బ్యూరెట్‌లో గాఢత తెలియని పొటాషియం పర్మాంగనేట్ ద్రావణం ఉంది. శంఖు కుప్పెలో, పిపెట్‌తో తీసిన 20.00 మి.లీ. ఆక్సాలిక్ ఆమ్ల ద్రావణానికి సజల సల్ఫ్యూరిక్ ఆమ్లం కలిపి వేడిచేశారు. షీటులోని పట్టిక ఇలా ఉంది:

```
      మొదలు    చివర     తేడా
1      0.00    20.10    20.10
2     20.10    39.70    19.60
3      1.20    2?.80    19.60
```

మూడో వరుసలో ప్రశ్నార్థకం ఉన్న అంకె ఫొటోలో సున్నాలాగానూ, ఆరులాగానూ కనిపిస్తోంది. తేడా గడిలో 19.60 స్పష్టంగా ఉంది కాబట్టి, దానికి 1.20 కలిపితే 20.80 వస్తుంది, ఆ అంకె సున్నాయే. అయితే తేడా గడి కూడా చదవరాకుండా ఉంటే, రెండో వరుసకు సరిపోతుందన్న కారణంతో సున్నా అని ఊహించడం తగదు. అలా చేస్తే, రెండు కొలతలు ఏకీభవించాయా లేదా అని చూడవలసిన చోట మనమే వాటిని ఏకీభవింపజేసినట్లవుతుంది. అప్పుడు అసలు షీటును చూడాలి. అది దొరకకపోతే ఆ వరుసను వదిలేయాలి.

మొదటి వరుస ఉజ్జాయింపు కోసం చేసినది. అంతిమ బిందువు ఎక్కడ వస్తుందో తెలియక కొంచెం ఎక్కువ పోయడం సహజం కాబట్టి, దాన్ని సగటులో కలపము. లెక్కకు వాడవలసిన ఘనపరిమాణం 19.60 మి.లీ.

ఇక షీటు పైభాగంలో ఆక్సాలిక్ ఆమ్లం గాఢత 0.0500 అని ఉంది, కానీ పక్కనున్న అక్షరం M అన్నదీ N అన్నదీ తేలడం లేదు. నా దృష్టిలో ఇలాంటి షీట్లలో అన్నిటికంటే ప్రమాదకరమైన మసక ఇదే. ఆక్సాలిక్ ఆమ్లానికి నార్మాలిటీ మోలారిటీకి రెట్టింపు కాబట్టి, ఇక్కడ పొరబడితే జవాబు సగమైనా అవుతుంది, రెట్టింపైనా అవుతుంది. పైగా ఆ జవాబును చూసి తప్పును పట్టుకోవడం కష్టం. అదృష్టవశాత్తు కింద తూకం రాసి ఉంది: 100 మి.లీ. ద్రావణానికి 0.6303 గ్రా. H₂C₂O₄·2H₂O. స్ఫటిక జలంతో కలిపి దీని మోలార్ ద్రవ్యరాశి 126.07 గ్రా. కాబట్టి తీసుకున్నది 0.00500 మోల్, ద్రావణం 0.0500 M. నార్మాలిటీ అయి ఉంటే తూకం ఇందులో సగమే ఉండేది.

ఇప్పుడు తుల్య సమీకరణం:

```
2KMnO₄ + 5H₂C₂O₄ + 3H₂SO₄ → K₂SO₄ + 2MnSO₄ + 10CO₂ + 8H₂O
```

దీనినుంచి మనకు కావలసింది ఒక్క సంగతే: 5 మోల్స్ ఆక్సాలిక్ ఆమ్లానికి 2 మోల్స్ పర్మాంగనేట్ సరిపోతుంది. సల్ఫ్యూరిక్ ఆమ్లం గుణకం 3 లెక్కలోకి రాదు, ఎందుకంటే దాన్ని కావలసిన దానికంటే ఎక్కువగానే పోస్తారు. ముందుగా గాఢత తెలిసిన ద్రావణంలో ఎన్ని మోల్స్ ఉన్నాయో కనుక్కొని, నిష్పత్తి ద్వారా రెండో పదార్థానికి వెళ్లి, చివరన దాని ఘనపరిమాణంతో భాగించాలి. మి.లీ.ను మోలారిటీతో గుణిస్తే మిల్లీమోల్స్ వస్తాయి కాబట్టి లీటర్లలోకి మార్చే పని లేదు.

```
ఆక్సాలిక్ ఆమ్లం = 0.0500 × 20.00 = 1.000 mmol
KMnO₄ = 1.000 × 2/5 = 0.400 mmol
KMnO₄ గాఢత = 0.400 / 19.60 = 0.0204 M
```

ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు 2/5 బదులు 5/2 వేయడం, అప్పుడు 0.128 M వస్తుంది. దీన్ని పట్టుకోవడానికి మళ్లీ లెక్క చేయనక్కరలేదు. రెండు ఘనపరిమాణాలూ దాదాపు సమానం, అయితే ఒక్కొక్క పర్మాంగనేట్ అయాన్ రెండున్నర ఆక్సాలిక్ ఆమ్ల అణువులకు సరిపోతుంది కాబట్టి, పర్మాంగనేట్ గాఢత 0.0500 కంటే తక్కువగానే ఉండి తీరాలి.

సమీకరణం సరైనదే అయినా, కుప్పెలో జరిగినది ఆ చర్యే అయితేనే ఈ లెక్క చెల్లుతుంది. కాబట్టి షీటులో పరిశీలనల గడి కూడా చదవాలి. "లేత గులాబీ రంగు నిలిచింది" అని ఉంటే సరే. "గోధుమ రంగు మడ్డి" అని ఉంటే, ఆమ్లం చాలక MnO₂ ఏర్పడి ఉండవచ్చు. పర్మాంగనేట్‌లో కొంత భాగం Mn²⁺ వరకు వెళ్లనప్పుడు 2 : 5 నిష్పత్తి వర్తించదు, ఆ కొలతను లెక్కకు తీసుకోకూడదు.

అభ్యాసం: ఇదే 0.0204 M పర్మాంగనేట్‌తో 20.00 మి.లీ. ఫెర్రస్ లవణ ద్రావణాన్ని ఆమ్ల యానకంలో టైట్రేట్ చేస్తే 18.40 మి.లీ. పట్టింది. ఒక MnO₄⁻ అయిదు Fe²⁺ అయాన్లతో చర్య జరుపుతుంది. Fe²⁺ గాఢత 0.0938 M రావాలి, మీకు 0.00375 M వస్తే, నిష్పత్తిని తలకిందులుగా వేశారన్నమాట.