మార్చి 31 లోగా మార్జిన్ సరిచూసుకోండి: మీడియన్ సర్దుబాటులో జాగ్రత్తలు

బరంపురంలో నేను లెక్కలు చూసే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ తన సేవలన్నీ విదేశంలోని మాతృసంస్థకే అందిస్తుంది. ఖర్చు మీద ఇంత శాతం లాభం వేసి బిల్లు పంపడం దాని పద్ధతి. ఆ లాభం ఇలాంటి పనే చేసే స్వతంత్ర కంపెనీల లాభంతో పోలిస్తే తక్కువగా ఉంటే, ఆదాయపు పన్ను అధికారి ఆ తేడాను ఆదాయంలో కలుపుతాడు, దాన్నే సర్దుబాటు అంటారు. గంజాం, రాయగడ జిల్లాల్లో ఇలాంటి లెక్కలు రాస్తున్న మన తెలుగువారు సంవత్సరం ముగిసేలోగా చూసుకోవలసిన ఒక విషయాన్ని ఈ కంపెనీ లెక్కతోనే వివరిస్తాను. అర్థం కావడం కోసం అంకెలను మార్చి గుండ్రంగా ఇస్తున్నాను.

సంవత్సరం ఖర్చు 20 కోట్లు, మాతృసంస్థకు వేసిన బిల్లు 22 కోట్లు. అంటే ఖర్చు మీద 10 శాతం మార్జిన్. పోల్చడానికి దొరికిన ఎనిమిది స్వతంత్ర కంపెనీల మార్జిన్లను చిన్నదాని నుంచి పెద్దదాని వరకు పేర్చితే 6, 8, 10.5, 12, 14, 16, 19, 24 శాతాలు వచ్చాయి. 2015లో వచ్చిన ఆదాయపు పన్ను 10సీఏ నియమం ప్రకారం, పోల్చదగిన కంపెనీలు ఆరు లేదా అంతకంటే ఎక్కువ ఉంటే 35వ పర్సెంటైల్ నుంచి 65వ పర్సెంటైల్ వరకు ఉన్న భాగాన్ని ఆమోదయోగ్యమైన శ్రేణిగా తీసుకుంటారు. ఎనిమిదిలో 35 శాతం 2.8 కాబట్టి మూడో విలువ 10.5 కింది అంచు అవుతుంది. 65 శాతం 5.2 కాబట్టి ఆరో విలువ 16 పై అంచు అవుతుంది. సగం సరిగ్గా 4 కాబట్టి నాలుగు, ఐదు విలువల సగటు 13 మధ్య విలువ, అంటే మీడియన్ అవుతుంది.

మన 10 శాతం కింది అంచుకు అర శాతం మాత్రమే తక్కువ. ఇంకో పది లక్షలు బిల్లు వేసి ఉంటే 10.5 దగ్గర నిలిచి, సర్దుబాటు ప్రసక్తే ఉండేది కాదు. శ్రేణి దాటి బయట పడ్డాక మాత్రం లెక్క అంచు దగ్గర ఆగదు, నేరుగా మీడియన్‌కు వెళ్తుంది. 20 కోట్ల మీద 13 శాతం అంటే బిల్లు 22.60 కోట్లు ఉండాలి కాబట్టి, పది లక్షల లోటుకు అరవై లక్షలు ఆదాయంలో కలుస్తాయి. చాలామంది ఇక్కడ 3 శాతం వరకు తేడాను వదిలేసే వెసులుబాటు కాపాడుతుందని అనుకుంటారు. అది కంపెనీలు ఆరు కంటే తక్కువగా ఉండి, సగటు తీసుకునే సందర్భంలోనే వర్తిస్తుంది.

మొదటి జాగ్రత్త ఎక్సెల్ దగ్గరే మొదలవుతుంది. పై ఎనిమిది విలువలను ఒక నిలువు వరుసలో పెట్టి ఇలా అడిగితే

```
=PERCENTILE.INC(A1:A8,0.35)
```

11.175 వస్తుంది, ఎందుకంటే ఆ ఫంక్షన్ రెండు విలువల మధ్య అంచనా వేసి చెబుతుంది. నియమం అలా చేయదు: ఏ విలువ దగ్గరికి వచ్చేసరికి మొత్తం విలువల్లో కనీసం 35 శాతం దానికి సమానంగానో తక్కువగానో ఉంటాయో ఆ విలువనే తీసుకుంటుంది, లెక్క సరిగ్గా పూర్ణసంఖ్యగా వచ్చినప్పుడే తర్వాతి విలువతో కలిపి సగటు చేస్తుంది. ఎక్సెల్‌ను నమ్మితే పై అంచు కూడా 15.1గా కనిపిస్తుంది. కాబట్టి విలువలను వరుసలో పేర్చి, స్థానాన్ని చేత్తో లెక్కించండి.

రెండో జాగ్రత్త, అంచు దగ్గర నిలబడకపోవడం. పైన చెప్పిన 6 శాతం కంపెనీకి అనుబంధ సంస్థలతో లావాదేవీలు ఎక్కువని అధికారి దాన్ని తీసేశాడనుకోండి. ఏడు మిగులుతాయి, ఏడులో 35 శాతం 2.45 కాబట్టి కింది అంచు 12కు, మీడియన్ 14కు జరుగుతాయి. ఆ పది లక్షల బిల్లు కూడా వేసి 10.5 దగ్గర క్షేమంగా ఉన్నా, మనం ఒక్క పేరు పోవడంతో బయట పడి, మూడున్నర శాతం, అంటే 70 లక్షల సర్దుబాటు ఎదుర్కొంటాం. పైగా ఫిబ్రవరిలో మనం వెతికేటప్పుడు పోల్చదగిన కంపెనీల ఈ సంవత్సరపు లెక్కలు బయటికి వచ్చి ఉండవు. మనం గత సంవత్సరాలతో చూసుకుంటాం. పరిశీలన నాటికి ఈ సంవత్సరపు అంకెలు దొరికితే అధికారి వాటిని కూడా కలుపుతాడు. ఆ కారణంగా, ఈ కంపెనీ బిల్లును 13 శాతానికి దగ్గరగా తేవాలన్నదే నా సలహా.

ఒక్కో కంపెనీ మార్జిన్‌ను కూడా మూడేళ్ల శాతాలను కూడి మూడుతో భాగించి తీయకూడదు. మూడేళ్ల లాభాల మొత్తాన్ని మూడేళ్ల ఖర్చుల మొత్తంతో భాగించాలి. లేకపోతే చిన్న ఖర్చు ఉన్న ఏడాదిలో వచ్చిన పెద్ద శాతం ఆ కంపెనీని వరుసలో పైకి నెట్టేస్తుంది.

ఇక బిల్లు సరిదిద్దే పని. తేడాకు అదనపు ఇన్‌వాయిస్ మార్చి 31 లోగా వేయాలంటే, సంవత్సరాంతంలో మార్జిన్‌ను సరిచేసుకునే వీలు మాతృసంస్థతో ఒప్పందంలో ముందే రాసి ఉండాలి. ఒప్పందం లేకుండా చివరి వారంలో ఇన్‌వాయిస్ వేస్తే, ఆ మొత్తం ఏ సేవకు వచ్చిందన్న ప్రశ్నకు జవాబు దొరకదు. కంపెనీల జాబితా, తీసేసిన ప్రతి పేరుకూ కారణం, వెతికిన తేదీ, అన్నీ ఆ ఇన్‌వాయిస్‌తోపాటే ఫైల్లో పెట్టండి.