ప్లాస్టరింగ్ తరువాత బయటపడే స్విచ్ బాక్సు లోపాలు: కారణం, సవరణ

గోడలో పైపులు, బాక్సులు అమర్చేటప్పుడు కనిపించేది వట్టి ఇటుక, టైల్స్ వేయని నేల మాత్రమే. వాటి మీద రాబోయే ప్లాస్టరు మందాన్ని, టైల్స్ మందాన్ని ముందుగా లెక్కలోకి తీసుకోకపోవడం వల్లనే కింది లోపాలలో చాలావరకు పుడతాయి.

లక్షణం: పక్కపక్క గదుల్లో బాక్సులు ఒకే ఎత్తులో లేవు

బాక్సు అడుగు అంచు 1200 మి.మీ. ఎత్తులో ఉండాలని నిర్ణయించుకున్నారనుకుందాం. హాలులో టైల్స్ వేయని నేల మీద సిమెంటు పరుపు, టైలు కలిపి 70 మి.మీ. రావలసి ఉండగా, పడకగదిలో స్లాబు కొంత ఎత్తుగా ఉండటం వల్ల 45 మి.మీ. మాత్రమే వస్తుంది. రెండు చోట్లా టైల్స్ వేయని నేల నుంచే టేపు పట్టి 1200 గీస్తే, టైల్స్ పడిన తరువాత హాలు బాక్సు 1130 వద్ద, పడకగది బాక్సు 1155 వద్ద తేలతాయి. తలుపు తెరిచి నిలబడినవారికి ఆ 25 మి.మీ. తేడా వెంటనే కనిపిస్తుంది.

అందుచేత కొలత నేల నుంచి మొదలు కాకూడదు. పూర్తయిన నేల మట్టం ఎక్కడికి వస్తుందో మేస్త్రీతో ముందే నిర్ణయించుకుని, దానికి సరిగ్గా 1000 మి.మీ. పైన నీళ్ల పైపుతో అన్ని గదుల గోడల మీదా ఒకే మట్టపు గీత గీయాలి. ఆ గీతకు 200 మి.మీ. పైన స్విచ్ బాక్సు అడుగు, 700 మి.మీ. కింద సాకెట్ బాక్సు అడుగు వస్తాయి.

ప్లాస్టరింగ్ అయిపోయాక లోపం తెలిస్తే గోడ పగలగొట్టక తప్పదు. పైపు పైనుంచి దిగుతున్నదైతే బాక్సును పైకి జరపడం తేలిక, ఎందుకంటే పైపు కొసను ఆమేరకు కోస్తే చాలు. కిందికి దించాలంటే కప్లర్ వేసి పైపును పొడిగించాలి.

లక్షణం: బాక్సు లోపలికి కూరుకుపోయింది, లేదా బయటికి పొడుచుకు వచ్చింది

ఇటుక గోడ నిట్టనిలువుగా ఉండటం అరుదు. పైన 12 మి.మీ. ప్లాస్టరు సరిపోయే గోడకు కింద 22 మి.మీ. పట్టవచ్చు. ఎలక్ట్రీషియన్ అన్ని బాక్సులనూ ఇటుక నుంచి 12 మి.మీ. బయటికి నిలిపితే, కింది సాకెట్ 10 మి.మీ. లోతున పడిపోతుంది.

ప్లాస్టరు మందానికి మేస్త్రీ ముందుగా పెట్టే గుర్తుల తరువాతే బాక్సులు బిగించాలి. రెండు గుర్తుల మీదుగా అల్యూమినియం బద్ద ఆనించినప్పుడు, బాక్సు ముందంచు దాన్ని తాకీ తాకనట్టు ఉండాలి. ఒకటి రెండు మిల్లీమీటర్లు లోపలికి ఉన్నా ఫర్వాలేదు గాని బయటికి రాకూడదు, వస్తే ప్లేటు గోడకు ఆనదు. బాక్సు చుట్టూ సిమెంటు నింపి బిగించిన వెంటనే, అది గట్టిపడకముందే, స్పిరిట్ లెవెల్ మరొకసారి పెట్టి చూడాలి.

కొద్దిగా లోతున పడిన బాక్సుకు పొడవైన స్క్రూలు సరిపోతాయి. పది మిల్లీమీటర్లు దాటితే స్క్రూ ఒక్కటే పట్టుకున్న ప్లేటు ప్లగ్గు లాగినప్పుడల్లా కదులుతుంది కాబట్టి, బాక్సుకు సరిపోయే పొడిగింపు చట్రం వేయాలి. పొడుచుకు వచ్చినదానికి చుట్టూ చెక్కి, తీసి, మళ్లీ అమర్చడమే మార్గం.

లక్షణం: వైరు లాగే స్ప్రింగు పైపులో మధ్యలో ఆగిపోతోంది

స్ప్రింగు ఆగినప్పుడు బాక్సు అంచు దగ్గర దాని మీద టేపు చుట్టి, బయటికి లాగి, పైపు వెళ్లిన దారిలోనే గోడ మీద పరచి చూడండి. దాని కొస చేరినచోటే అడ్డు ఉంది. అది వంపు దగ్గరైతే పదునైన ఎల్బో వాడి ఉంటారు, జోడింపు దగ్గరైతే సొల్యూషన్ పూయని పైపు ఊడి లోపలికి సిమెంటు దిగి ఉంటుంది. గోడను గుడ్డిగా పొడవునా తవ్వకుండా అక్కడే ఒక జానెడు తెరిస్తే చాలు.

ప్లాస్టరింగుకు ముందే ప్రతి పైపులోనూ జీఐ తీగ దూర్చి, రెండు వైపులా లాగి చూసి అలాగే వదిలేయడం, బాక్సులను కాగితంతో కుక్కి టేపు వేయడం ఈ తంటాను చాలావరకు తప్పిస్తాయి. వైర్లు మాత్రం ప్లాస్టరు ఆరాకే లాగాలి.

లక్షణం: స్విచ్చు బిగించడానికి వైరు అందడం లేదు

వైరును బాక్సు అంచు వరకే కోసి ఉంటారు. బాక్సు ముందంచు నుంచి ఒక్కొక్క వైరు 15 నుంచి 20 సెం.మీ. బయట ఉండాలి, అప్పుడే స్విచ్చును చేతిలోకి తీసుకుని బిగించవచ్చు, చివర పాడైతే ఒకటి రెండుసార్లు కోసి మళ్లీ ఒలుచుకోవచ్చు. అలాగని మరీ వదిలేయడమూ మంచిది కాదు. చిన్న బాక్సులో తొమ్మిది వైర్లు ఒక్కొక్కటి 30 సెం.మీ. ఉంటే ప్లేటు మూతపడదు, బలవంతంగా నొక్కితే స్క్రూ కింద ఇన్సులేషన్ నలుగుతుంది.

పొట్టిగా ఉన్నదాన్ని సరిచేసేముందు మెయిన్ ఆపి, టెస్టరుతో సరఫరా లేదని రూఢి చేసుకోవాలి. జంక్షన్ బాక్సులో మిగులు వైరు ఉంటే అక్కడి నుంచి తోస్తూ ఇటు లాగవచ్చు. లేకపోతే పాత వైరునే లాగుడు తీగగా వాడి, దాని చివర కొత్త వైరు కట్టి పూర్తిగా మార్చాలి. అతుకు వేసి, ఆ అతుకును పైపులోకి తోసేయడం ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడదు, ఎందుకంటే అది వేడెక్కినా చూసే దారి ఉండదు.