నంబరు పోర్ట్ అయ్యాక పాత పోస్ట్‌పెయిడ్ నుంచి ఆఖరి బిల్లు వస్తే ఏం చేయాలి?

బాకీలన్నీ కట్టాకే కదా పోర్ట్ అయ్యింది, మళ్లీ ఈ బిల్లేమిటి అని చాలామందికి ఒళ్లు మండుతుంది. పోర్టింగ్ కోడ్ కోసం 1900కి మెసేజ్ పంపినప్పుడు కంపెనీ చూసేది అప్పటికే ఇచ్చిన బిల్లులు కట్టారా లేదా అన్నదే. చివరి బిల్లు తేదీ నుంచి నంబరు మారిన రోజు దాకా వాడుకున్నదానికి అప్పటికి బిల్లే తయారై ఉండదు. ఆ కొద్ది రోజుల లెక్కే తర్వాత ఆఖరి బిల్లుగా వస్తుంది. కాబట్టి బిల్లు రావడం తప్పు కాదు, అందులో ఎంత వేశారన్నదే చూడాలి.

ముందు బిల్లు పీడీఎఫ్ సంపాదించండి. పాత కంపెనీ యాప్‌లోకి వెళ్దామంటే ఇది మా నంబరు కాదంటూ ఒక్కోసారి లోపలికే రానివ్వదు. మెయిల్‌లో వెతకండి, లేదంటే వాళ్ల స్టోర్‌కి వెళ్లి అడగండి. 198కి ఫోన్ చేసి లాభం లేదు, మీ సిమ్ నుంచి చేస్తే అది కొత్త కంపెనీకే పోతుంది. ఇంట్లో ఎవరికైనా పాత కంపెనీ సిమ్ ఉంటే దాన్నుంచి చేయండి. పాత బిల్లు మీద ఉండే అకౌంట్ నంబరు దగ్గర పెట్టుకోండి, ఇకపై అన్నిచోట్లా అడిగేది అదే.

తర్వాత లెక్క. మీ ప్లాన్ నెలకు 500 రూపాయలు, బిల్లు నెల 6 నుంచి మళ్లీ 5 దాకా అనుకుందాం. జూన్ 5 వరకు కట్టేశారు, జూన్ 17న నంబరు మారింది. అంటే 12 రోజులు వాడారు. 30 రోజులకు 500 అయితే 12 రోజులకు 200, దానిపై 18 శాతం జీఎస్టీ 36, మొత్తం 236. బిల్లులో 590 కనిపిస్తే నెల మొత్తానికీ వేసేశారన్నమాట. నంబరు మారిన తేదీ కొత్త కంపెనీ పంపిన మెసేజ్‌లో ఉంటుంది, స్క్రీన్‌షాట్ తీసి ఉంచుకోండి. అసలు మీ ప్లాన్‌లో అద్దె ముందే కట్టించుకుంటారా, నెల అయ్యాకా అన్నది కూడా పాత బిల్లులో చూడండి. ముందే కట్టించుకుంటే మీకే డబ్బు తిరిగి రావాలి. కనెక్షన్ తీసుకున్నప్పుడు డిపాజిట్ కట్టి ఉంటే దాన్ని తగ్గించారో లేదో అడగండి, అడక్కపోతే చాలాసార్లు దాని ఊసే ఎత్తరు.

ఫ్యామిలీ ప్లాన్ అయితే ఇంకో చిక్కు. మీ నంబరు పోర్ట్ అయినా అదే అకౌంట్‌లో అమ్మకో తమ్ముడికో ఇచ్చిన సిమ్ పాత కంపెనీలోనే ఉండిపోవచ్చు. దాని అద్దె నెలనెలా పడుతూనే ఉంటుంది. బిల్లులో నంబర్లవారీ వివరాలు చూసి, అక్కర్లేనిదాన్ని మూసేయమని రాతపూర్వకంగా చెప్పండి.

లెక్క సరిపోతే గడువులోగా కట్టేయండి. కట్టేటప్పుడు ఒక జాగ్రత్త: యూపీఐ యాప్‌లో నంబరు కొడితే కంపెనీ పేరు దానంతటదే వచ్చేస్తుంది, అది కొత్త కంపెనీది కావచ్చు. పాత కంపెనీని మీరే ఎంచుకోవాలి, బాకీ మొత్తం బిల్లుతో సరిపోతేనే కట్టాలి. అంతకంటే వాళ్ల వెబ్‌సైట్‌లో అకౌంట్ నంబరుతో కట్టడమే మేలు. రికవరీ వాళ్లమంటూ ఫోన్ చేసి సొంత యూపీఐ ఐడీ ఇస్తే మాత్రం పైసా పంపొద్దు.

లెక్క తేడా వస్తే గడువు దాటకముందే మెయిల్ పెట్టండి. పోర్ట్ తేదీ, మీ లెక్క, స్క్రీన్‌షాట్ జతచేసి, సరిచేసిన బిల్లు ఇవ్వమని అడగండి. ఫిర్యాదు నంబరు తప్పక తీసుకోండి. జవాబు నచ్చకపోతే అదే కంపెనీలోని అప్పిలేట్ అథారిటీకి అప్పీలు చేసుకోవచ్చు, డబ్బేమీ కట్టక్కర్లేదు. అక్కడా తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915, ఆ తర్వాత వినియోగదారుల కమిషన్ ఉన్నాయి. టెలికాం గొడవలు ఆ కమిషన్ వినవచ్చని 2022లో సుప్రీంకోర్టు తేల్చింది కూడా.

నెట్‌వర్క్ మారిపోయాను కదా, ఏం చేస్తారులే అని వదిలేయడమే అన్నిటికంటే చేటు. పాత కంపెనీ బాకీ సంగతి తెలియజేస్తే కొత్త కంపెనీయే మీకు నోటీసు ఇచ్చి, ముందు అవుట్‌గోయింగ్ ఆపి, ఆ తర్వాత నంబరునే కట్ చేయొచ్చు. బ్యాంకు, ఆధార్ ఓటీపీలన్నీ ఆ నంబరుకే కదా వచ్చేది! నోటీసు వస్తే కట్టిన రసీదును వెంటనే కొత్త కంపెనీకి చూపించండి. ఇలాంటి బాకీలు క్రెడిట్ రిపోర్ట్‌లోకి ఎక్కే అవకాశమూ ఉంది. అందుకే డబ్బు కట్టాక రసీదుతో సరిపెట్టుకోకుండా, ఈ అకౌంట్‌లో బాకీ సున్నా అని పాత కంపెనీ నుంచి మెయిల్‌లో రాయించుకోండి.