నివేదికలో చార్టు, ఆరో పాఠం: శీర్షికలోనే ఫలితం చెప్పడం

గత పాఠం చివర ఉమ్మడి చిత్తూరు జిల్లా అక్షరాస్యత అంకెలు నాలుగు ఇచ్చి, వాటితో గీసిన చార్టుకు క్రియాపదం ఉన్న పూర్తి వాక్యంగా శీర్షిక రాసి పంపమని అడిగాను. 2001 జనగణన ప్రకారం జిల్లాలో పురుషుల అక్షరాస్యత 77.62 శాతం, స్త్రీలది 55.78 శాతం. 2011 నాటికి అవి 79.83, 63.28 అయ్యాయి. ఆ పాఠంలో చెప్పిన మొదటి సంగతి అందరికీ అందిందని మీరు పంపినవి చూస్తే తెలుస్తోంది. “చిత్తూరు జిల్లాలో అక్షరాస్యత వివరాలు” వంటి అట్టపెట్టె మీది చీటీలాంటి శీర్షిక ఒక్కటి కూడా రాలేదు. కానీ ఎక్కువమంది ఆ గుంత దాటి పక్కనున్న గుంతలో పడ్డారు. అందువల్ల ఈ వారం చెప్పదలచిన రంగుల విషయాన్ని వెనక్కి నెట్టి, మళ్లీ శీర్షిక దగ్గరికే వస్తున్నాను.

ముందుగా చిన్న లోపాలు. “మహిళల అక్షరాస్యత గణనీయంగా పెరిగింది” అని చాలామంది రాశారు. “గణనీయంగా” అన్న మాట ఉన్న చోట ఒక అంకె ఉండాలి. అంకె పెట్టాక ఆ మాటతో పని ఉండదు. శ్రీకాళహస్తి నుంచి ఒక ఉపాధ్యాయుడు “ప్రభుత్వ పథకాల వల్ల స్త్రీ విద్య పుంజుకుంది” అని రాశారు. ఆ మాట నిజమే కావచ్చు, కానీ చార్టులో పథకాలు లేవు. చార్టులో కనిపించని కారణం శీర్షికలోకి రాకూడదు, అంతకు మించి దీనికి వివరణ అక్కర్లేదనుకుంటాను. “చదువులో పురుషులను మించిన మహిళలు” అన్న శీర్షిక కూడా వచ్చింది. పెరుగుదలలో మించారు, స్థాయిలో కాదు. 2011లోనూ పురుషుల గీత పైనే ఉంది, పాఠకుడి కన్ను మొదట చూసేది ఆ గీతనే.

ఇక అసలు చిక్కు. మీలో సగానికి పైగా “స్త్రీ, పురుషుల అక్షరాస్యతలో అంతరం 5 శాతం తగ్గింది” అని రాశారు. ఈ తప్పు పత్రికల్లోనూ, కార్యాలయాల నివేదికల్లోనూ ఎంత తరచుగా కనిపిస్తుందంటే, చూసీ చూసీ నాకు విసుగు వచ్చేసింది. అందుకే దీని మీద కాస్త ఎక్కువసేపే నిలబడతాను, ఓపిక పట్టండి.

2001లో అంతరం ఎంత? 77.62లోంచి 55.78 తీసేస్తే 21.84. 2011లో 79.83లోంచి 63.28 తీసేస్తే 16.55. మొదటి అంతరంలోంచి రెండోది తీసేస్తే 5.29 మిగులుతుంది. మీరు రాసిన 5 ఇదే, లెక్క సరైనదే. కానీ ఆ 5 పక్కన “శాతం” అని రాయగానే దాని అర్థం మారిపోతుంది. దేనిలోనైనా 5 శాతం తగ్గిందంటే అది ఉన్నదానిలో నూటికి ఐదు వంతులు పోయిందని. 21.84లో నూటికి ఐదు వంతులంటే దాదాపు 1.09 మాత్రమే. అంటే మీ శీర్షికను నమ్మిన పాఠకుడు 2011లో అంతరం 20.75 దగ్గర ఉందనుకుంటాడు. కింద చార్టులో 16.55 కనిపిస్తుంది. ఆ రెండింటికీ పొత్తు కుదరక అతను చార్టునైనా అనుమానిస్తాడు, మిమ్మల్నైనా అనుమానిస్తాడు.

రెండు శాతాల మధ్య తేడాను తీసివేతతో కనుక్కుంటే దాన్ని శాతం పాయింట్లలో చెప్పాలి. అంతరం 5.3 శాతం పాయింట్లు తగ్గింది. అదే తగ్గుదలను శాతంలోనే చెప్పాలనుకుంటే 5.29ని 21.84తో భాగించాలి. అప్పుడు 24 శాతం వస్తుంది, అంటే అంతరంలో దాదాపు నాలుగో వంతు తగ్గింది. “5.3 పాయింట్లు”, “24 శాతం” రెండూ నిజమే, రెండూ ఒకే చార్టులోంచి వచ్చినవే. “5 శాతం” మాత్రం ఎటు చూసినా తప్పు. స్త్రీల అక్షరాస్యత విషయంలోనూ ఇదే వరస. 55.78 నుంచి 63.28కి 7.5 పాయింట్ల పెరుగుదల ఉంది, శాతంలో చెబితే 13.4. పుత్తూరు నుంచి రాసిన ఒకావిడ స్త్రీల పెరుగుదలను 13.4 శాతం అనీ, పురుషుల పెరుగుదలను 2.2 శాతం అనీ పక్కపక్కనే పెట్టారు. మొదటిది భాగహారంతో వచ్చింది, రెండోది తీసివేతతో వచ్చింది. ఒకే వాక్యంలో రెండు కొలతలు కలిసిపోయి, ఉన్న తేడా ఉన్నదానికంటే చాలా పెద్దదిగా కనిపించింది. కావాలని చేసినవారు కూడా ఇంతకంటే బాగా మభ్యపెట్టలేరు.

మీ శీర్షికను పరీక్షించుకోవడానికి ఒక తేలికైన ఉపాయం ఉంది. చార్టులో మొదటి విలువ మాత్రం కనిపించేలా మిగతాది చేత్తో మూసి, శీర్షిక చదివి, అందులో చెప్పిన మార్పుతో చివరి విలువను కాగితం మీద లెక్కగట్టండి. తర్వాత చెయ్యి తీసి చార్టులోని విలువతో పోల్చండి. రెండూ కలిస్తే శీర్షిక నిలబడుతుంది. నా మట్టుకు నేను ఈ గొడవంతా ఎందుకని తగ్గుదలను చెప్పడమే మానేసి, మొదలూ చివరా రెండూ రాసేస్తాను: “22 నుంచి 17 పాయింట్లకు తగ్గింది”. పాఠకుడు తేడాను తానే చూసుకుంటాడు, శాతమా పాయింట్లా అన్న సందేహానికి తావుండదు.

దశాంశాలను సవరించేటప్పుడు మరో మెలిక ఉంది. 21.84ను 22గానూ, 16.55ను 17గానూ రాస్తే ఇబ్బంది లేదు. ఎందుకంటే చార్టులో 78, 56, 80, 63 అని సవరించిన అంకెలు పెట్టినా వాటి తేడాలు 22, 17 గానే వస్తాయి. కానీ స్త్రీల పెరుగుదలను 7.5 నుంచి 8గా సవరించి శీర్షికలో పెడితే, చార్టు మీది 63లోంచి 56 తీసేసిన పాఠకుడికి 7 వస్తుంది. శీర్షికలోని అంకె చార్టు మీద కనిపించే అంకెల్లోంచే రావాలి. అలా రాకపోతే చార్టు మీద దశాంశాలు ఉంచండి, లేదా శీర్షికలో ఆ అంకెను వదిలేయండి.

ఇప్పుడు వాక్య నిర్మాణం. మన వాక్యంలో క్రియ చివర వస్తుంది, కనుక ఫలితం కూడా చివరే వస్తుంది. “2001, 2011 జనగణనల మధ్య ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ఏడేళ్లు పైబడిన స్త్రీ, పురుషుల అక్షరాస్యత మధ్య అంతరం 22 నుంచి 17 పాయింట్లకు తగ్గింది” అని మదనపల్లె నుంచి ఒకరు రాశారు. ఇందులో తప్పు ఒక్కటీ లేదు, కానీ అసలు సంగతి చేరేసరికి రెండు వరుసలు దాటిపోతాయి. కాలాన్నీ, చోటునూ, ఎవరిని లెక్కించారన్నదాన్నీ శీర్షికలోంచి తీసి ఉపశీర్షికలో పెట్టండి. ఉపశీర్షిక ఉన్నదే ఆ పనికి, అది వాక్యం కానక్కర్లేదు. అందులో శీర్షికను మరో రకంగా తిరగరాయడం నాకు నచ్చదు.

అన్నీ కలిపితే ఇలా వస్తుంది.

శీర్షిక: స్త్రీ, పురుషుల అక్షరాస్యత మధ్య అంతరం 22 నుంచి 17 పాయింట్లకు తగ్గింది

ఉపశీర్షిక: ఏడేళ్లు, అంతకు పైబడిన వారిలో అక్షరాస్యులు (శాతం), ఉమ్మడి చిత్తూరు జిల్లా, 2001, 2011

ఆధారం: భారత జనగణన 2001, 2011, తుది లెక్కలు. జిల్లా హద్దులు 2022 విభజనకు ముందున్నవి.

ఉపశీర్షికలో “ఏడేళ్లు” అన్న మాట అలంకారం కాదు. జనగణన అక్షరాస్యత శాతాన్ని ఏడేళ్లు, అంతకు పైబడిన వారి మీదే లెక్కిస్తుంది. మీరే జనగణన పట్టికలోంచి అక్షరాస్యుల సంఖ్య తీసుకుని శాతం కడితే, మొత్తం జనాభాలోంచి ఏడేళ్లు నిండని పిల్లలను తీసేసి, మిగిలినదానితో భాగించాలి. పిల్లలను తీయకుండా భాగించినవారికి శాతం తక్కువగా వస్తుంది, చార్టు చూడగానే ఆ తప్పు బయటపడదు. సొంతంగా లెక్కించినప్పుడు ఆధారం వరుసలో “శాతాలు నివేదిక రచయిత లెక్క” అని చేర్చడం తప్పనిసరి.

ఆధారం వరుసను “జనగణన” అన్న ఒక్క మాటతో ముగించినవారికి రెండు సంగతులు చెప్పాలి. మొదటిది, 2011 జనగణనకు తాత్కాలిక లెక్కలు, తుది లెక్కలు అని రెండు ఉన్నాయి. దేశ అక్షరాస్యత తాత్కాలిక లెక్కల్లో 74.04 శాతం, తుది లెక్కల్లో 72.98 శాతం. జిల్లా అంకె ఒక చోట నుంచీ దేశ అంకె మరో చోట నుంచీ తెచ్చి ఒకే చార్టులో పెడితే, ఆ ఒక్క పాయింటు తేడాయే మీ ఫలితాన్ని తలకిందులు చేయవచ్చు. రెండోది, 2022 ఏప్రిల్ 4న జిల్లాల విభజన జరిగింది. అప్పుడు ఏర్పడిన తిరుపతి జిల్లాలోకి నెల్లూరు వైపు నుంచి సూళ్లూరుపేట వచ్చింది, మన మదనపల్లె మరో జిల్లాకు వెళ్లింది. ఈ రోజు నివేదికలో “చిత్తూరు జిల్లా” అని ఊరికే రాస్తే పాఠకుడు ఇప్పటి చిన్న జిల్లా అనుకుంటాడు. జిల్లా ముఖ్య ప్రణాళికాధికారి కార్యాలయం వెలువరించే గణాంకాల పుస్తకంలోంచి అంకెలు తీసుకున్నవారు ఆ పుస్తకం పేరూ, సంవత్సరమూ రాసి, అందులో జనగణనను ఉదహరించారని చెప్పాలి. తాము తెరిచి చూడని పట్టికను ఆధారంగా చూపడం సరికాదు.

ఎక్సెల్‌లో చేసేవారికి ఒక మాట. శీర్షికను ఒక గడిలో రాసుకుని, చార్టు శీర్షిక మీద నొక్కి, ఫార్ములా పట్టీలో కింది వరుస కొడితే, గడిలో మార్చినప్పుడల్లా శీర్షిక కూడా మారుతుంది.

```
=Sheet1!$B$1
```

అయితే ఇలా జోడించిన శీర్షికలో ఒక భాగాన్ని పెద్దగా, మరో భాగాన్ని చిన్నగా చేయడం కుదరదు. కాబట్టి ఉపశీర్షికకు వేరే టెక్స్ట్ బాక్స్ పెట్టుకోవాలి. ఆ బాక్సును చార్టును ఎంచుకున్న తర్వాతే చొప్పించండి. అలా చేస్తే చార్టును వర్డ్‌లోకి తీసుకెళ్లినప్పుడు ఉపశీర్షికా, ఆధారమూ దానితోపాటే వెళ్తాయి. బయట షీటు మీద పెట్టినవి అక్కడే ఉండిపోతాయి.

అభ్యాసం ఈసారి కొంచెం గట్టిది. ఉమ్మడి చిత్తూరు జిల్లాలో ప్రతి వెయ్యి మంది పురుషులకు 2001లో 982 మంది, 2011లో 997 మంది స్త్రీలు ఉన్నారు. దేశం మొత్తానికి ఆ అంకెలు 933, 943. ఈ నాలుగింటితో ఒకే చార్టు గీసి, దానికి రెండు వేర్వేరు శీర్షికలు రాయండి. ఒకటి జిల్లాలో వచ్చిన మార్పును, రెండోది దేశంతో పోలికను చెప్పాలి. రెండింటిలోనూ “శాతం” అన్న మాట రాకూడదు, ఒక్కొక్కటి పది మాటలు దాటకూడదు. ఉపశీర్షిక, ఆధారం రెండింటికీ ఒకటే ఉండాలి. అలా కుదరకపోతే ఏ మాట అడ్డం వచ్చిందో రాసి పంపండి. ఇది అన్ని వయసుల వారినీ కలిపిన నిష్పత్తి, పుట్టిన పిల్లల లెక్క కాదు. కాబట్టి “ఆడపిల్లల జననాలు పెరిగాయి” అన్న శీర్షిక ఎవరైనా పంపితే చదవకుండా వెనక్కి పంపేస్తాను.