మైనస్ ఎక్కడ జారింది? కంట్రోల్ సిస్టమ్స్ లెక్కల్లో సమస్య - పరిష్కారం

ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ తేలింది, కానీ కీతో కలవడం లేదు. లేదా కలిసింది గానీ, స్టేబుల్ అని మీరంటే అన్‌స్టేబుల్ అని కీ అంటోంది. ఇలాంటప్పుడు చాలామంది లెక్కను మొదటి గీత నుంచి మళ్లీ చేస్తారు. అదే చెయ్యి అదే చోట అదే తప్పు చేస్తుంది, పది నిమిషాలు పోతాయి. అర నిమిషం పట్టే తనిఖీలు ఉన్నాయి, ముందు అవి చేయండి.

సమస్య: పోల్ ఒకటి కుడివైపు వచ్చింది, రాకూడదు

s చోట సున్నా పెట్టండి. ఇంత చిన్న పని ఎవరూ ఎందుకు చేయరో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మోటార్ పొజిషన్ లూప్ తీసుకుందాం: G(s) = 10/(s(s+2)), యూనిటీ నెగెటివ్ ఫీడ్‌బ్యాక్. G కింద ఒక s ఉంది, అంటే ఇంటిగ్రేటర్ ఉంది. కాబట్టి స్టెప్ ఇన్‌పుట్‌కి అవుట్‌పుట్ చివరికి ఇన్‌పుట్‌తో సమానం కావాలి, అంటే క్లోజ్డ్ లూప్ ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ T(s)లో సున్నా పెడితే T(0) = 1 రావాలి. సరైన జవాబు 10/(s²+2s+10), సున్నా పెడితే 10/10, సరిపోయింది. మీది 10/(s²+2s−10) అయితే T(0) = −1 వస్తుంది. కుడివైపు తిప్పమంటే మోటార్ ఎడమవైపు తిరుగుతుందా? హారంలో 1+GH బదులు 1−GH పడింది. సమ్మింగ్ పాయింట్ దగ్గర గుర్తు చూసి సరిచేసుకోండి, అయిపోయింది.

సమస్య: T(0) సరిగ్గానే ఉంది, అయినా స్టెబిలిటీ తప్పు

నన్ను ముంచింది ఇదే. పై మోటార్‌కే లోపల టాకో ఫీడ్‌బ్యాక్ 0.4s కలిపి, సిగ్నల్ ఫ్లో గ్రాఫ్ గీసి, మేసన్ సూత్రంతో చేసి క్లాసులో కీ ఇచ్చాను. T(s) = 10/(s²−2s+10) అని రాశాను. సున్నా పెట్టి చూశాను కూడా, 1 వచ్చింది, ధైర్యంగా పంచేశాను. వెనక బెంచీ కుర్రాడు లేచి, "సర్, టాకో పెట్టేది ఊగుడు తగ్గడానికే కదా? మీ జవాబులో మోటార్ ఊగీ ఊగీ చేయి దాటిపోతోంది" అన్నాడు. నిజమే. టాకో లేనప్పుడు పోల్స్ −1±j3. నా కీలో టాకో పెట్టాక 1±j3, అంటే కుడివైపు.

తప్పు ఎక్కడ జరిగిందంటే, బ్లాక్ డయాగ్రంలో మైనస్ సమ్మింగ్ పాయింట్ దగ్గర ఉంటుంది. దాన్ని ఫ్లో గ్రాఫ్‌గా మార్చినప్పుడు ఆ మైనస్ కొమ్మ గెయిన్‌లోకి వెళ్లి −0.4s అవుతుంది. మేసన్ సూత్రానికి తన సొంత మైనస్ ఇంకొకటి ఉంది: Δ = 1 − (లూప్ గెయిన్ల మొత్తం). రెండు మైనస్‌లు కలిసి ప్లస్ అయితేనే మనకు అలవాటైన 1+GH వస్తుంది. నేను బయటి లూప్‌ని అలవాటు కొద్దీ నేరుగా 1+G అని రాసేశాను. లోపలి లూప్‌ని మాత్రం గ్రాఫ్ చూసి, దాని మైనస్‌తో సహా తెచ్చి పక్కన పెట్టాను. సూత్రం మైనస్ దానికి తగల్లేదు. సగం లెక్క జ్ఞాపకం మీద, సగం గ్రాఫ్ మీద నడిచిందన్నమాట.

s = 0 దీన్ని పట్టుకోలేదు, ఎందుకంటే టాకో దారిలో s ఉంది, సున్నా పెట్టగానే T(s) హారంలో ఆ లూప్ ఇచ్చే పదమే మాయమైపోతుంది. రేటు ఫీడ్‌బ్యాక్ ఉన్న ఏ లెక్కలోనైనా ఈ గుడ్డి చోటు ఉంటుంది.

దీనికి మందు s = 1. బ్లాకులకు అంకెలు పెట్టి లోపలి నుంచి బయటికి రండి. G(1) = 10/3 = 3.333. లోపలి లూప్: 3.333/(1 + 0.4×3.333) = 1.429. బయటి లూప్: 1.429/2.429 = 0.588. ఇప్పుడు నా కీలో s = 1 పెడితే 10/9 = 1.11. అసలు లెక్క కూడా అక్కర్లేదు: పాజిటివ్ సంఖ్య x మీద యూనిటీ నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ పెడితే వచ్చేది x/(1+x), అది ఎప్పుడూ 1 కంటే తక్కువే. 1.11 కనబడగానే ఎక్కడో నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ పాజిటివ్ అయిపోయిందని తేలిపోతుంది. హారంలో (s−1) లాంటిది ఉంటే మాత్రం s = 1 పనికిరాదు, 2 పెట్టుకోండి.

సరిచేయడం ఇలా. లూప్ గెయిన్లను వాటి గుర్తులతో ముందు విడిగా రాయండి, ఆ తర్వాతే Δ జోలికి వెళ్లండి:

```
L1 = -0.4s·10/(s(s+2)) = -4/(s+2)
L2 = -10/(s(s+2))
Δ  = 1 - (L1 + L2)
   = (s² + 6s + 10)/(s(s+2))
```

T(s) = 10/(s²+6s+10), s = 1 దగ్గర 10/17 = 0.588. పోల్స్ −3±j1. డ్యాంపింగ్ రేషియో 0.316 నుంచి 0.949కి పెరిగింది, టాకో చేయాల్సిన పని అదే.

సమస్య: హారంలో అన్నీ ప్లస్‌లే, అయినా కీ అన్‌స్టేబుల్ అంటోంది

G(s) = K/(s(s+1)(s+2)), K = 10, యూనిటీ ఫీడ్‌బ్యాక్. క్యారెక్టరిస్టిక్ ఈక్వేషన్ s³+3s²+2s+10 = 0. "గుణకాలన్నీ పాజిటివ్, కాబట్టి స్టేబుల్" అని రాసేస్తారు. ఆ నియమం రెండో ఆర్డర్ వరకే సరిపోతుంది. మూడు నుంచి పైకి అది ప్రవేశ రుసుము లాంటిది: లేకపోతే లోపలికి రానివ్వరు, ఉన్నంత మాత్రాన సీటు ఖాయం కాదు. మూడో ఆర్డర్‌కి మధ్య రెండు గుణకాల లబ్ధం చివరల రెండిటి లబ్ధం కంటే ఎక్కువ ఉండాలి. ఇక్కడ 3×2 = 6, అటు 1×10 = 10. పడిపోయింది. ఈ సిస్టమ్ K 0 నుంచి 6 లోపల ఉన్నప్పుడే స్టేబుల్.

రౌత్ పట్టిక వేసినవాళ్లు ఇంకోచోట జారతారు. మొదటి నిలువు వరుస 1, 3, −1.33, 10. నెగెటివ్ సంఖ్య ఒక్కటే ఉంది కాబట్టి కుడివైపు ఒక్క పోల్ అనుకుంటారు. లెక్కపెట్టాల్సింది నెగెటివ్ సంఖ్యలను కాదు, గుర్తు మారిన సార్లను: 3 నుంచి −1.33కి ఒకటి, అక్కణ్నుంచి 10కి ఇంకొకటి, మొత్తం రెండు. నమ్మకం లేకపోతే:

```python
import numpy as np
print(np.roots([1, 3, 2, 10]))
```

సుమారు −3.31, 0.15±j1.73 వస్తాయి. కుడివైపు రెండే.

ఇదే లెక్కలో "పోల్స్ 0, −1, −2, కాబట్టి మార్జినల్లీ స్టేబుల్" అని రాసేవాళ్లూ ఉన్నారు. అవి ఓపెన్ లూప్ పోల్స్. ఫీడ్‌బ్యాక్ మూశాక వాటికి ఓటు హక్కు లేదు. K/(s−1) చూడండి, ఓపెన్ లూప్‌లో కుడివైపు, లూప్ మూస్తే పోల్ 1−K దగ్గర, K ఒకటి దాటితే నిక్షేపంగా స్టేబుల్.

మిగతావి

ఇవి అరుదు. జీరో కుడివైపు ఉన్నంత మాత్రాన ఆ ట్రాన్స్‌ఫర్ ఫంక్షన్ అన్‌స్టేబుల్ కాదు. jω అక్షం మీద పోల్ ఒక్కసారి వస్తే మార్జినల్, 1/s² లాగా రెండుసార్లు వస్తే అన్‌స్టేబుల్. కుడివైపు పోల్‌ని అక్కడే ఉన్న జీరోతో కొట్టేయకండి, కాగితం మీద పోతుంది గానీ లోపల అలాగే ఉంటుంది. ప్రశ్నలో z కనబడితే ఎడమ, కుడి మర్చిపోయి యూనిట్ సర్కిల్ లోపలా బయటా అని చూడండి. 0.5 దగ్గరి పోల్ అక్కడ స్టేబులే.